కట్టిన కోర్సుకు వెళ్లలేకపోయాను: ఫీజు తర్వాతి బ్యాచ్‌కి మార్చమని లెటర్ ఎలా రాయాలి?

నీలి_హెల్మెట్

వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ ఐదు రోజుల కోర్సుకి మొత్తం ఫీజు ముందే కట్టాను. సోమవారం క్లాసులు మొదలు. ఆదివారం రాత్రి కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరితే అపెండిక్స్ అని తేల్చి తెల్లవారేలోపే ఆపరేషన్ చేసేశారు. సోమవారం పొద్దున మా తమ్ముడు శిక్షణ సంస్థకి ఫోన్ చేసి విషయం చెప్పాడు. "అయ్యో, సరే, కోలుకున్నాక మెయిల్ పెట్టమనండి" అన్నారట.

ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. డబ్బు వెనక్కి అక్కర్లేదు, అదే ఫీజుతో తర్వాతి బ్యాచ్‌లో కూర్చోనిస్తే చాలు. వాళ్ల షరతుల కాగితంలో ఇలా ఉంది: "బ్యాచ్ మార్పు కోరేవారు కోర్సు ప్రారంభానికి కనీసం 10 పనిదినాల ముందు రాతపూర్వకంగా తెలపాలి. హాజరు కానివారికి ఫీజు వాపసు ఉండదు. అసాధారణ పరిస్థితుల్లో సంస్థ విచక్షణ మేరకు నిర్ణయం ఉంటుంది."

నేను రాసుకున్న డ్రాఫ్ట్‌లో ముఖ్యమైన పేరా ఇది. చూసి చెప్పండి:

"గౌరవనీయులైన అయ్యా, ఎంతో కష్టపడి పోగుచేసుకున్న డబ్బుతో మీ కోర్సులో చేరాను. అనుకోని విధంగా ఆరోగ్యం క్షీణించడం వల్ల తరగతులకు హాజరు కాలేకపోయాను. దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకుని నా ఫీజు వాపసు ఇవ్వడం గానీ, తర్వాతి బ్యాచ్‌కి మార్చడం గానీ, లేదా మీకు తోచిన మరే సహాయమైనా గానీ చేయగలరని ప్రార్థిస్తున్నాను."

నిఖార్సు

ప్రార్థించడం ఏంటండీ! వాళ్లు సేవ ఇవ్వలేదు, మీరు తీసుకోలేదు. డబ్బు ఇచ్చి తీరాలి. యూరప్‌లో అయితే 14 రోజుల్లో ఏ కొనుగోలైనా రద్దు చేసుకునే హక్కు ఉంది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి ఒక్క ఫిర్యాదు కొట్టండి, వాళ్లే లైన్లోకి వస్తారు. లెటర్ కాదు, నోటీసు రాయండి.

మూడో_బెంచీ

ఫీజు ట్రాన్స్‌ఫర్ అంటే మీ సీటు ఇంకొకరి పేరు మీదకి మార్చడమేనా? అలా అయితే మా బావ ఇదే కోర్సు కోసం చూస్తున్నాడు. సగం ఫీజు ఇచ్చి మీ సీటు తీసుకుంటాడు. ఆయన పేరు రాసేయండి, పని అయిపోతుంది.

నీలి_హెల్మెట్

కాదండీ, కోర్సు నాకే కావాలి. తేదీ మాత్రమే మారాలి.

రిజిస్ట్రేషన్_బల్ల

ఇలాంటి లెటర్లు వచ్చే బల్ల దగ్గర కొన్నేళ్లు కూర్చున్నదాన్ని. అవతలివైపు ఏం జరుగుతుందో ముందు చెప్తాను, అప్పుడు లెటర్ ఎలా ఉండాలో మీకే తెలిసిపోతుంది.

మీ మెయిల్ తెరిచేది కోఆర్డినేటర్. ఆవిడకి ఫీజు మార్చే అధికారం ఉండదు. ఆవిడ చేయగలిగిందల్లా పైవాళ్లకి ఫార్వర్డ్ చేయడమే. మీ లెటర్‌లో ఏ బ్యాచ్, ఏ రశీదు, ఎప్పుడు చెప్పారు అన్నవి లేకపోతే అవన్నీ వెతికి తనే ఇంకో నోట్ రాయాలి. అది "రేపు చూద్దాం" దొంతరలోకి పోతుంది. లెటర్ ఉన్నది ఉన్నట్టు పైకి పంపగలిగేలా ఉండాలి.

పైన మేనేజర్ మొదట చూసేది ఒక్కటే: ఈ మనిషి చెప్పి మానేశాడా, చెప్పకుండా మానేశాడా? హాజరు పట్టీలో రెండూ 'ఆబ్సెంట్' అనే కనిపిస్తాయి. అందుకని మీ తమ్ముడు చేసిన ఫోన్ మీ కేసులో అన్నిటికన్నా విలువైన సంగతి. అదేమో మీ డ్రాఫ్ట్‌లో లేనే లేదు! ఎన్ని గంటలకు చేశారు, ఏ నంబరుకి, ఎవరు మాట్లాడారు అన్నది కనుక్కోండి. ఫోన్లో కాల్ లాగ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పాతవి చెరిగిపోతాయి.

రెండో సంగతి, మీరు ఒకే లెటర్‌లో మూడు అడిగారు. వాపసు అన్న మాట కనపడగానే అది అకౌంట్స్‌కి వెళ్తుంది. అకౌంట్స్ షరతుల కాగితం తీసి "హాజరు కానివారికి వాపసు లేదు" అని రాసి మూసేస్తుంది. మీకు నిజంగా కావాల్సిన బ్యాచ్ మార్పు గురించి ఎవరూ ఆలోచించరు. ఒక్కటే అడగండి.

నిఖార్సు గారూ, కోపం అర్థమైంది గానీ ఆ 14 రోజుల లెక్క ఒప్పందం కుదిరిన రోజు నుంచి మొదలవుతుంది, క్లాసు మిస్సయిన రోజు నుంచి కాదు. ఆన్‌లైన్లోనో ఫోన్లోనో దుకాణం బయటో కొన్న మామూలు వినియోగదారుడికే అది, అన్ని కొనుగోళ్లకీ కాదు. ఇక బ్యాంకు ఫిర్యాదు సంగతి. 'సేవ అందలేదు' అన్న కారణం సంస్థ క్లాసు పెట్టకపోతే నిలబడుతుంది. ఇక్కడ క్లాసు నడిచింది, సీటు ఈయన కోసం ఖాళీగా ఉంది. సంస్థ హాజరు పట్టీ చూపిస్తే బ్యాంకు వాళ్లవైపే మొగ్గుతుంది. పైగా ఫిర్యాదు నడుస్తున్నంతకాలం ఆ డబ్బు వివాదంలో ఉన్నట్టు లెక్క, దాన్ని ఇంకో బ్యాచ్‌కి ఎవరూ మార్చరు.

మూడో_బెంచీ గారూ, మీరు చెప్పింది వేరే సదుపాయం, మనిషి మార్పు. కోర్సు మొదలవకముందైతే చాలా చోట్ల ఒప్పుకుంటారు, వాళ్లకి సీటు నిండితే చాలు. ఇక్కడ ఆ బ్యాచ్ అయిపోయింది కదా.

నిఖార్సు

సరే, బ్యాంకు సంగతి వదిలేద్దాం. కానీ ఆ '10 పనిదినాలు' షరతు అన్యాయం కాదా? పది రోజుల ముందు అపెండిక్స్ వస్తుందని ఎవరికి తెలుస్తుంది? అది రాయాలి కదా గట్టిగా.

రిజిస్ట్రేషన్_బల్ల

అన్యాయమో కాదో ఈ లెటర్‌లో తేల్చక్కర్లేదు. వాళ్ల కాగితంలోనే మూడో వాక్యం ఉంది, 'అసాధారణ పరిస్థితులు' అని. తలుపు వాళ్లే తెరిచి పెట్టినప్పుడు గోడ బద్దలుకొట్టడం దేనికి? గడువు సంగతి తెలుసు, ఈ కారణం వల్ల పాటించలేకపోయాను, కాబట్టి మూడో వాక్యం కింద చూడండి అని రాస్తే చాలు. ఆ మాటలు వాళ్లవే కాబట్టి కాదనాలంటే వాళ్లు కారణం రాయాల్సి వస్తుంది.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్యాచ్ మార్చడం వల్ల సంస్థకి అయ్యే ఖర్చు అన్ని బ్యాచ్‌లలో ఒకేలా ఉండదు. వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్‌లో ప్రాక్టికల్ ఉంటుంది, గేజ్‌లు, టెస్ట్ పీసులు ఇంతమందికే అని లెక్క ఉంటుంది. బ్యాచ్ నిండబోతుంటే మీకు సీటివ్వడం అంటే కొత్తగా ఫీజు కట్టే ఒక మనిషిని వదులుకోవడం. అదే నమోదు ముగిశాక రెండు సీట్లు మిగిలిపోతే, అందులో ఒకటి మీకిస్తే వాళ్లకి పోయేది దాదాపు ఏమీ లేదు. అందుకే రెండు తేదీలు రాసి "నమోదు ముగిశాక మిగిలిన సీటైనా సమ్మతమే" అని చేర్చండి. 'సరే' అనడం మేనేజర్‌కి తేలికైపోతుంది.

లెక్కల_పుస్తకం

రశీదు ఎవరి పేరు మీద ఉంది? ఆఫీసు కట్టి ఉంటే లెటర్ ఆఫీసు నుంచే వెళ్లాలి. డబ్బు కట్టినవాళ్ల సమ్మతి లేకుండా ఫీజు కదిలించరు. ఇంకా, రశీదులో ఒకే మొత్తం ఉందా, విడివిడిగా ఉందా చూడండి. ఇలాంటి సర్టిఫికెట్ కోర్సుల్లో పరీక్ష ఫీజు బయటి సంస్థకి పోతుంది. శిక్షణ సంస్థ దాన్ని మార్చాలనుకున్నా వాళ్ల చేతిలో ఉండదు.

నీలి_హెల్మెట్

నా పేరు మీదే, సొంత డబ్బే. రశీదులో రెండు లైన్లు ఉన్నాయి: కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు. పరీక్ష ఆ ఐదు రోజుల తర్వాత శనివారం అన్నారు. అదీ పోయినట్టేనా? కొత్త టెన్షన్ పెట్టారు.

లెక్కల_పుస్తకం

పోయిందని అనలేం. మీ పేరు పరీక్ష సంస్థకి పంపేశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పంపకపోతే డబ్బు ఇంకా శిక్షణ సంస్థ దగ్గరే ఉన్నట్టు. పంపితే మీరు ఆ పరీక్షకి గైర్హాజరు అయినట్టు అక్కడ నమోదై ఉంటుంది, వాళ్ల నియమాలు వేరు. లెటర్‌లో ఈ రెండిటినీ కలపకండి. కోర్సు ఫీజు మార్చమని అడగండి, పరీక్ష ఫీజు గురించి ఏం జరిగిందో చెప్పమని అడగండి.

శారద_పి

నా అనుభవం చెప్తాను. నాదీ ఇలాగే, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోర్సు. ఫోన్లో "వచ్చే బ్యాచ్‌లో కూర్చోండి మేడమ్, ఏం పర్లేదు" అన్నారు. నేనూ నిశ్చింతగా ఉన్నాను. ఆ బ్యాచ్ వచ్చేసరికి ఆ మాటన్న అమ్మాయి ఉద్యోగం మానేసింది. కొత్తగా వచ్చినాయన కంప్యూటర్లో చూసి "మీ పేరు పాత బ్యాచ్‌లో పూర్తయినట్టు ఉంది" అన్నాడు. చివరికి ఒప్పుకున్నారు గానీ, వీడియోల లాగిన్ మొదటి బ్యాచ్ నాడే మొదలైందని దాని గడువు మాత్రం పొడిగించలేదు. నోటిమాట నమ్మకండి.

రిజిస్ట్రేషన్_బల్ల

శారద గారు చెప్పిన లాగిన్ సంగతి ముఖ్యం. నీలి_హెల్మెట్ గారూ, మీకు పుస్తకాలు, కిట్, లాగిన్ ఏమైనా ముందే ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ మాట లెటర్‌లో రాయండి. మీ మీద వాళ్లకి ఇంకా ఏం ఖర్చు కాలేదో అది చెప్తుంది. ఇచ్చి ఉంటే అదీ దాచకుండా రాయండి, వాళ్ల రికార్డులో ఎలాగూ ఉంటుంది.

నీలి_హెల్మెట్

ఏమీ ఇవ్వలేదు, మొదటి రోజు ఇస్తామన్నారు. తమ్ముడి ఫోన్లో కాల్ ఉంది, ఉదయం 8.40, వాళ్ల ఆఫీసు నంబరుకే. మాట్లాడిన వ్యక్తి పేరు వాడు అడగలేదట.

రిజిస్ట్రేషన్_బల్ల

పేరు లేకపోయినా సమయం, నంబరు ఉన్నాయి, చాలు. ఇదిగో, ఖాళీలు మీరు నింపుకోండి:

"విషయం: రిజిస్ట్రేషన్ నం. ____. అత్యవసర ఆపరేషన్ వల్ల హాజరు కాలేని కోర్సు ఫీజును తర్వాతి బ్యాచ్‌కి మార్చమని వినతి.

నమస్కారం.

మీ సంస్థలో ____ తేదీన మొదలైన ఐదు రోజుల వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ కోర్సుకి పూర్తి ఫీజు చెల్లించాను (రశీదు నం. ____). కోర్సుకి ముందురోజు రాత్రి ఆసుపత్రిలో చేరాను. అపెండిక్స్‌కి అత్యవసర ఆపరేషన్ జరిగింది. కోర్సు మొదటి రోజు ఉదయం 8.40కి మా తమ్ముడు మీ కార్యాలయానికి ఫోన్ చేసి నేను రాలేనని తెలిపారు. కోలుకున్నాక మెయిల్ పంపమని మీ సిబ్బంది చెప్పారు. నేను ఏ తరగతికీ హాజరు కాలేదు, కోర్సు పుస్తకాలు గానీ కిట్ గానీ తీసుకోలేదు.

బ్యాచ్ మార్పుకి 10 పనిదినాల గడువు ఉందని తెలుసు. కారణం ముందురోజు రాత్రి తలెత్తినందున ఆ గడువు పాటించడం సాధ్యపడలేదు. మీ షరతుల్లోని 'అసాధారణ పరిస్థితులు' నిబంధన కింద ఈ వినతిని పరిశీలించమని కోరుతున్నాను.

నేను చెల్లించిన కోర్సు ఫీజును ____ తేదీ బ్యాచ్‌కి, అందులో ఖాళీ లేకపోతే ____ తేదీ బ్యాచ్‌కి మార్చగలరు. నమోదు ముగిశాక మిగిలిన సీటైనా నాకు సమ్మతమే.

పరీక్ష ఫీజుకి సంబంధించి, నా పేరును పరీక్ష సంస్థకి ఇప్పటికే పంపారా, పంపి ఉంటే నా హాజరు ఎలా నమోదైంది అన్నది తెలియజేయగలరు.

జతపరిచినవి: రశీదు, ఆసుపత్రి సర్టిఫికెట్, ఫోన్ కాల్ స్క్రీన్‌షాట్."

నిఖార్సు

బాగుంది గానీ మరీ మెత్తగా ఉంది. జవాబు ఎప్పటిలోపు ఇవ్వాలో లేదు. ఇలా వదిలేస్తే రెండు బ్యాచ్‌లూ దాటిపోయాక "సారీ, సీట్లు లేవు" అంటారు.

రిజిస్ట్రేషన్_బల్ల

ఈ మాట ఒప్పుకుంటాను. కాకపోతే "ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే" అని కాదు. మొదటి బ్యాచ్ నమోదు ఏ తేదీతో ముగుస్తుందో వాళ్ల ప్రకటనలోనే ఉంటుంది. "ఆ బ్యాచ్ నమోదు ____ తేదీతో ముగుస్తుంది కనుక ఆలోపు మీ నిర్ణయం మెయిల్‌లో తెలుపగలరు" అని రాయండి. గడువు వాళ్ల క్యాలెండర్‌లోదే అయితే బెదిరింపులా వినపడదు.

మూడో_బెంచీ

ఆసుపత్రి కాగితాలన్నీ పెట్టాలా? రక్తపరీక్షలు, స్కానింగ్ కూడానా?

రిజిస్ట్రేషన్_బల్ల

వద్దు. చేరిన తేదీ, ఆపరేషన్ జరిగిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఎన్నాళ్లు విశ్రాంతి చెప్పారు అన్నవి ఉన్న ఒక్క పేజీ సర్టిఫికెట్ చాలు. ఆ మెయిల్ ఎంతమంది ఇన్‌బాక్సుల్లో తిరుగుతుందో మీకు తెలీదు. విశ్రాంతి ఎన్నాళ్లన్నది మాత్రం ఉండాలి. ఐదు రోజుల కోర్సుకి మూడో రోజు నుంచైనా ఎందుకు రాలేదు అని అడిగే మేనేజర్లు ఉన్నారు.

నీలి_హెల్మెట్

పంపించాను. జవాబు రాగానే పెడతాను. అందరికీ థాంక్స్.

నీలి_హెల్మెట్

జవాబు వచ్చింది. సారాంశం ఇది: కోర్సు ఫీజు మార్చడానికి ఒప్పుకున్నారు. మొదటి బ్యాచ్ నిండిపోయింది, రెండో బ్యాచ్‌లో సీటు ఇస్తారు. కోర్సు ఫీజులో 10 శాతం అడ్మిన్ ఛార్జీ కట్టాలి. మార్పు ఒక్కసారే, మళ్లీ మానేస్తే ఫీజు పోయినట్టే. కొత్త రిజిస్ట్రేషన్ ఫారం నింపమన్నారు. పరీక్ష ఫీజు గురించి: "మీ పేరు పంపాము, గైర్హాజరుగా నమోదైంది, మీ వైద్య ధ్రువపత్రం పరీక్ష సంస్థకి పంపుతున్నాము, వారి నిర్ణయమే తుది" అన్నారు.

నిఖార్సు

10 శాతం ఎందుకు? రెండు నిమిషాలు కంప్యూటర్లో తేదీ మార్చడానికా? కట్టకండి. ఆ ఛార్జీ షరతుల్లో లేదుగా?

లెక్కల_పుస్తకం

షరతుల్లో లేకపోతే అడగొచ్చు, "ఈ ఛార్జీ ఏ నిబంధన కింద?" అని ఒక్క వాక్యం. కానీ ముందు ఇంకోటి చూడండి. రెండో బ్యాచ్‌కి ఫీజు పెరిగిందా? పెరిగి, పాత ఫీజుకే కూర్చోనిస్తుంటే ఆ 10 శాతం కన్నా మీకు మిగిలేదే ఎక్కువ కావచ్చు. ఆ విషయం వాళ్లు జవాబులో రాయలేదు. ఛార్జీ గురించి పోట్లాడేముందు "తేడా ఏమైనా కట్టాలా" అన్నది రాతలో తెచ్చుకోండి.

రిజిస్ట్రేషన్_బల్ల

నేనైతే కట్టేస్తాను. విచక్షణ మీద ఇచ్చినదాన్ని పట్టుకుని బేరం మొదలుపెడితే సీటు కన్ఫర్మ్ కాకుండా ఫైలు ఆగుతుంది. నిఖార్సు గారు ఒప్పుకోరని తెలుసు.

కానీ కొత్త ఫారం విషయంలో జాగ్రత్త. ఉత్త ఫారం నింపి పంపితే మీరు కొత్త అభ్యర్థి అవుతారు, సిస్టమ్ పూర్తి ఫీజుకి ఇన్వాయిస్ పంపుతుంది. ఫారం పైన "పాత రిజిస్ట్రేషన్ నం. ____ నుంచి మార్పు, ఫలానా తేదీ మెయిల్ ప్రకారం" అని రాయండి. ఆ మెయిల్ కాపీ జతచేయండి. శారద గారికి జరిగింది మీకు జరగకూడదంటే ఇదే దారి.

ఇంకో చిన్న విషయం, ఈ రంగంలో ఉన్నారు కాబట్టి. పరీక్షకి కంటిచూపు సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు కదా? దానికి కాలపరిమితి ఉంటుంది. రెండో బ్యాచ్ పరీక్ష నాటికి అది చెల్లుతుందో లేదో పరీక్ష సంస్థ నియమాల్లో చూసుకోండి. ఫీజు మారినా ఈ కాగితం పాతబడి పరీక్ష హాల్లోకి రానివ్వకపోయిన వాళ్లని చూశాను.

నిఖార్సు

ఒప్పుకోనండీ. ఏ నిబంధనో చెప్పకుండా డబ్బు అడిగితే అడగాల్సిందే. ఒక్క వాక్యానికి సీటు పోతే ఆ సంస్థ సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

శారద_పి

సీటు పోతే తెలిసేది సంస్థ సంగతి, పోయేది ఆయన సీటు.

నీలి_హెల్మెట్

మధ్యేమార్గంగా ఇలా రాశాను: "సీటు ఖరారు చేసినందుకు ధన్యవాదాలు. ఛార్జీ చెల్లిస్తున్నాను. రశీదు కోసం అది ఏ నిబంధన కిందకి వస్తుందో, రెండో బ్యాచ్ ఫీజుకీ నేను కట్టినదానికీ తేడా ఏమైనా చెల్లించాలో తెలుపగలరు." ఛార్జీ కట్టాను, ఫారం మీద పాత నంబరు రాసి పంపాను. తేడా ఏమీ లేదని, సీటు ఖరారైందని మెయిల్ వచ్చింది. ఏ నిబంధన అన్నదానికి మాత్రం జవాబు లేదు.

కంటిచూపు సర్టిఫికెట్ చూశాను. రెండో బ్యాచ్ పరీక్షకి రెండు వారాల ముందే గడువు అయిపోతోంది, మళ్లీ చేయించుకోవాలి. పరీక్ష ఫీజు మీద పరీక్ష సంస్థ ఇంకా ఏమీ తేల్చలేదు. నేను నేరుగా వాళ్లకి రాయొచ్చా, శిక్షణ సంస్థ ద్వారానే వెళ్లాలా?

లెక్కల_పుస్తకం

డబ్బు వాళ్లకి చేరింది శిక్షణ సంస్థ నుంచి కాబట్టి వెనక్కి ఇవ్వాలన్నా అక్కడికే ఇస్తారు. నేరుగా రాస్తే "మీ శిక్షణ సంస్థని అడగండి" అంటారేమో.

రిజిస్ట్రేషన్_బల్ల

నాకు తెలిసి కొన్ని చోట్ల అభ్యర్థి నంబరుతో నేరుగా రాస్తే తీసుకుంటారు, కొన్ని చోట్ల తీసుకోరు. శిక్షణ సంస్థని కాపీలో పెట్టి రాయండి. వైద్య ధ్రువపత్రం వాళ్లు ఏ తేదీన పంపారో ముందు కనుక్కోండి. గైర్హాజరుకి కారణం చూపడానికి పరీక్ష తేదీ నుంచి లెక్కించే గడువు ఉండొచ్చు. పంపడం ఆలస్యమైతే తప్పు ఎవరిదన్నది అప్పుడు వేరే లెటర్ అవుతుంది.

మూడో_బెంచీ

ఇంతకీ రెండో బ్యాచ్‌లో ఇంకా సీట్లున్నాయా? మా బావ అడుగుతున్నాడు.